క్యాప్షన్ రైటర్‌కి నేను రాసిచ్చిన నోట్

పోచంపల్లి, కొయ్యలగూడెం చేనేత చీరలు ఆన్‌లైన్‌లో అమ్ముతాను. ఇన్‌స్టాగ్రామ్ పోస్టులకి క్యాప్షన్లు రాయడానికి ఒక ఫ్రీలాన్సర్ అమ్మాయి కుదిరింది. తెలుగు బాగా రాస్తుంది, కానీ మగ్గం ఎప్పుడూ చూడలేదు. అందుకే పని మొదలుకాక ముందే నోట్ రాసిచ్చాను.

ఎవరి కోసం రాయాలన్న చోట వయసులు, జీతాలు పెట్టలేదు. ఇన్‌బాక్స్ తెరిచి, కొనేముందు జనం అడిగే ప్రశ్నలే ఎక్కించాను. ఇది నేతా, ప్రింటా? పట్టా, పట్టూ నూలూ కలిపి నేసే సీకోనా? రంగు దిగుతుందా? ప్రతి క్యాప్షన్ వీటిలో ఒకదానికైనా జవాబివ్వాలి. ధోరణి గురించి ఒక్క మాటే: మడత విప్పి చూపించే దుకాణంవాళ్లలా, ‘మీరు’ అంటూ మాట్లాడాలి. నేతన్న కన్నీళ్లు వద్దు. జాలితో చీర కొనేవాళ్లు మళ్లీ రారు.

తప్పక వాడాల్సిన మాటలు పడుగు, పేక, సింగిల్ ఇక్కత్, డబుల్ ఇక్కత్. పడుగంటే నిలువు దారాలు, పేకంటే అడ్డ దారాలు. ఇక్కత్‌లో నేయకముందే దారాలకి ముడులు కట్టి రంగు అద్దుతారు. సింగిల్‌లో పడుగుకో పేకకో, డబుల్‌లో రెండిటికీ. ఆ రెండూ మగ్గం మీద సరిగ్గా కలవాలి కాబట్టే డబుల్‌కి అంత ధర. డిజైన్ అంచులు కాస్త చెదిరినట్టుంటాయి. దాన్ని లోపం అనకూడదు.

ఎక్కువసేపు కూర్చుని రాసింది ‘ఎప్పుడూ అనకూడనివి’. ప్రతిదానికీ కారణం కూడా రాశాను, లేకపోతే ఆ మాటే ఇంకో రూపంలో వస్తుంది. సీకోలో పట్టు, నూలు కలిసి ఉంటాయి, కాబట్టి ప్యూర్ సిల్క్ అనకూడదు. అసలు పట్టుకిచ్చే సిల్క్ మార్క్ లేబుల్ లేని చీరకీ ఆ మాట వద్దు. మా చీరలకి వాడేవి ఎక్కువగా రసాయన రంగులే, సహజ రంగులని రాయొద్దు. పోచంపల్లి ఇక్కత్‌కి 2005 నుంచి జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు ఉంది. ఇక్కత్ డిజైన్ అచ్చు వేసిన బట్టకి ఆ పేరు పెట్టకూడదు.

నోట్ చదవకముందు ఆమె పంపిన శాంపిల్ ఇది: “పోచంపల్లి ప్యూర్ సిల్క్ రాజసం! చివరి రెండు పీసులే!” చీర చూస్తే సీకో, పైగా స్టాకు బోలెడుంది. చదివాక ఇలా మారింది: “సీకో చీర, పేక ఇక్కత్. వెనక్కి తిప్పి చూడండి, పువ్వు అటు కూడా ఇంతే ముదురుగా ఉంటుంది. మొదటిసారి డ్రైక్లీనింగ్‌కి ఇవ్వండి.” నాకు కావాల్సింది సరిగ్గా ఇదే.

అప్పుడు ఆమె అడిగింది: “ఫొటో చూసి పట్టో సీకోనో నాకెలా తెలుస్తుందండీ?” నిజమే, నాకైనా చేత్తో పట్టుకుంటే తప్ప తెలీదు. ఇప్పుడు ప్రతి ఫొటోతో పాటు ఒక చీటీ పంపిస్తున్నాను: బట్ట, ఇక్కత్ రకం, జాకెట్ ముక్క ఉందా లేదా, ఉతికే పద్ధతి. చీటీలో ఖాళీగా ఉన్నదాని గురించి క్యాప్షన్‌లో ఏమీ రాయకూడదన్నది నోట్‌లో చివరగా చేర్చిన షరతు.