రష్యన్ సంఖ్యలూ, నిషేధమూ, షష్ఠీ విభక్తీ: నా ప్రిపరేషన్ అనుభవం

రష్యన్ భాషా పరీక్ష టోర్‌ఫ్ల్ మొదటి స్థాయికి సిద్ధమవుతున్న మిత్రుల కోసం, వ్యాకరణ విభాగంలో నేను అన్నిటికంటే ఎక్కువ సమయం కేటాయించిన షష్ఠీ విభక్తి గురించి రాస్తున్నాను. ఉచ్చారణకు దగ్గరగా ఉండేలా రష్యన్ మాటలను తెలుగు లిపిలోనే ఇస్తున్నాను.

తెలుగులో ఒకటి దాటితే ఏ సంఖ్యకైనా బహువచనమే వాడతాం: రెండు రూపాయలు, ఐదు రూపాయలు. రష్యన్‌లో అలా కాదు. ఒకటి తర్వాత నామవాచకం ప్రథమా ఏకవచనంలో ఉంటుంది: అదీన్ రూబ్ల్. రెండు, మూడు, నాలుగు తర్వాత షష్ఠీ ఏకవచనం వస్తుంది: ద్వా రుబ్ల్యా. ఐదు నుంచి షష్ఠీ బహువచనం: ప్యాత్ రుబ్ల్యేయ్. నేను దీన్ని అంకెలను చూస్తూ కాకుండా, సంఖ్యను పైకి పలుకుతూ నేర్చుకున్నాను. ఎందుకంటే రూపాన్ని నిర్ణయించేది మనం చివరగా పలికే మాట. 22 అంటే ‘ద్వాత్సత్ ద్వా’. చివరి మాట ‘ద్వా’ కాబట్టి రుబ్ల్యా. 12 అంటే ‘ద్వినాత్సత్’ అనే ఒకే మాట. అందులో ‘ద్వా’ విడిగా లేదు కాబట్టి రుబ్ల్యేయ్. ఈ ఒక్క సూత్రంతోనే 21కి రూబ్ల్, 112కి రుబ్ల్యేయ్, 124కి రుబ్ల్యా ఎందుకు వస్తాయో తేలిపోతుంది. 11 నుంచి 14 వరకు వేరే మినహాయింపుగా బట్టీ పట్టాల్సిన పని లేదు.

ఈ చీలికకు కారణం చరిత్రలో ఉంది. పాత రష్యన్‌లో సంస్కృతంలో లాగే ద్వివచనం ఉండేది. అది భాషలోంచి కనుమరుగైనప్పుడు, రెండు తర్వాత వాడే రూపం చాలా మాటల్లో షష్ఠీ ఏకవచనాన్ని పోలి ఉండటంతో జనం దాన్ని అలాగే అర్థం చేసుకున్నారు. తర్వాత మూడు, నాలుగు కూడా అదే దారి పట్టాయి. ఐదు మొదలైనవి అప్పట్లో నామవాచకాలు. వాటి పక్కన షష్ఠీ బహువచనం రావడం సహజం. ద్వివచనం జాడ ఒకటి నేటికీ వినిపిస్తుంది: గంట అనే మాటకు మామూలు షష్ఠిలో ఊనిక మొదటి అక్షరం మీద పడి ‘చాసా’ అవుతుంది, కానీ ‘రెండు గంటలు’ అన్నప్పుడు ‘ద్వా చిసా’ అని చివరికి జరుగుతుంది.

స్త్రీలింగ పదాల దగ్గర మాత్రం జాగ్రత్త అవసరం. ‘ద్వ్యె క్నీగి’లోని ‘క్నీగి’ ప్రథమా బహువచనంలా కనిపిస్తుంది, ఎందుకంటే ఈ పదంలో ఆ రెండు రూపాలూ ఒకటే. దాన్ని చూసి రెండు తర్వాత బహువచనం వస్తుందని అనుకుంటే పుంలింగంలో తప్పు చేస్తాం. సందేహం వస్తే ఆ స్థానంలో ‘స్తోల్’ పెట్టి చూడండి: బల్లలు అనడానికి ‘స్తలీ’, కానీ రెండు బల్లలకు ‘ద్వా స్తలా’. తేడా వెంటనే తెలుస్తుంది.

ఇక నిషేధం. మనం ‘తమ్ముడు లేడు’, ‘పుస్తకం లేదు’, ‘పుస్తకాలు లేవు’ అని క్రియను మారుస్తాం, నామవాచకాన్ని కదపం. రష్యన్‌లో ‘న్యెత్’ మారదు, నామవాచకమే షష్ఠిలోకి వెళుతుంది: ఉ మిన్యా న్యెత్ బ్రాతా. భూతకాలంలో ‘న్యే బిలొ’, భవిష్యత్తులో ‘ని బూద్యెత్’ వస్తాయి. అవి కూడా లింగ వచనాలను పట్టించుకోవు.

సంఖ్య, నిషేధం ఒకే వాక్యంలో కలిసే చోటును నేను ప్రత్యేకంగా సాధన చేశాను. ‘నా దగ్గర రెండు పుస్తకాలు ఉన్నాయి’ అంటే ‘ఉ మిన్యా ద్వ్యె క్నీగి’. దీన్ని నిషేధంలోకి మారిస్తే సంఖ్య కూడా షష్ఠిలోకి వెళ్లి ‘ద్వుఖ్’ అవుతుంది, నామవాచకం బహువచనం అవుతుంది: ఉ మిన్యా న్యెత్ ద్వుఖ్ క్నిక్. ఇక్కడ ‘క్నీగి’ అనే జవాబు గుర్తిస్తే తప్పు. రెండు నుంచి నాలుగుకూ, ఐదుకూ మధ్య ఉన్న తేడా సంఖ్య ప్రథమలోనో, ప్రథమలాంటి ద్వితీయలోనో ఉన్నప్పుడు మాత్రమే కనిపిస్తుంది. మిగిలిన విభక్తుల్లో సంఖ్యా, నామవాచకమూ ఒకే విభక్తిలో నడుస్తాయి. అందుకే జవాబు ఎంచుకునే ముందు సంఖ్య రూపం చూడాలి: ‘ద్వ్యె’ ఉందా, ‘ద్వుఖ్’ ఉందా అన్నదే సగం సమాధానం.

సకర్మక క్రియల నిషేధంలో ఇంత కచ్చితత్వం లేదు. ‘ఈ పుస్తకం నేను చదవలేదు’ అన్నప్పుడు నిర్దిష్టమైన వస్తువు కాబట్టి ద్వితీయ సహజం: యా ని చితాల్ ఎతు క్నీగు. ‘ప్రాముఖ్యం లేదు’ అనే అర్థంలో వచ్చే ‘ని ఇమ్యేయెత్ జ్నచేనియా’ వంటి స్థిరమైన ప్రయోగాల్లో షష్ఠి తప్పనిసరి. అమూర్త భావాలకు షష్ఠి వైపు, చేతికి అందే నిర్దిష్ట వస్తువులకు ద్వితీయ వైపు మొగ్గు ఎక్కువ.

‘ఉండు’ క్రియతో అర్థమే మారిపోయే జంట ఒకటి ఉంది. ‘అంతోన్ న్యే బిల్ వ్ మస్క్వ్యే’ అంటే అంతోన్ మాస్కోకు ఎన్నడూ వెళ్లలేదని. ‘అంతోనా న్యే బిలొ వ్ మస్క్వ్యే’ అంటే ఆ సమయంలో అతను మాస్కోలో లేడని. మొదటిదానిలో అంతోన్ అనుభవం గురించి చెబుతున్నాం కాబట్టి పేరు ప్రథమలో ఉంది. రెండోదానిలో అతని గైర్హాజరీని చెబుతున్నాం కాబట్టి షష్ఠిలోకి వెళ్లింది. చదివి అర్థం చేసుకునే ప్రశ్నల్లో కూడా ఈ ఒక్క తేడా మీద జవాబు ఆధారపడవచ్చు కాబట్టి, పేరు చివర ‘ఆ’ ఉందో లేదో చూడకుండా ముందుకు వెళ్లకండి.