ఆఖరి వార్నింగ్ లెటర్: నా అనుభవం

ఫీడ్ మిల్లులో ఫిట్టర్‌గా తొమ్మిదేళ్ల నుంచి చేస్తున్నాను. తప్పు నాదే, ముందే చెప్పేస్తున్నా.

ఆ రోజు నైట్ షిఫ్టులో స్క్రూ కన్వేయర్ జామ్ అయింది. పక్కనున్న స్టాప్ బటన్ నొక్కి, మూత తీసి లోపల చెయ్యి పెట్టాను. నిజానికి ప్యానెల్ రూముకెళ్లి ఐసొలేటర్ ఆఫ్ చేసి, నా తాళం వేసి, ట్యాగు తగిలించాలి. బటన్‌తో మోటారు ఆగుతుంది గానీ లైనులో కరెంటు ఉంటుంది. కంట్రోల్ రూము నుంచి ఎవరైనా స్టార్ట్ ఇస్తే స్క్రూ తిరుగుతుంది, చెయ్యి పోతుంది. తెలియక చేసింది కాదు, పది నిమిషాల నడక బద్ధకం. సరిగ్గా అప్పుడే సేఫ్టీ ఆఫీసర్ రౌండ్‌కి వచ్చారు.

మర్నాడు షోకాజ్ నోటీసు, 48 గంటల్లో జవాబివ్వాలి. "అందరూ ఇలాగే చేస్తారు" అని రాసుకుపోతే యూనియన్ పెద్దాయన చింపించారు. "అది తప్పు ఒప్పుకున్నట్టూ అవుతుంది, తోటివాళ్ల మీద చాడీ చెప్పినట్టూ అవుతుంది రా" అన్నారు. జరిగింది జరిగినట్టు రాసిచ్చాను.

వారానికి లెటర్ వచ్చింది. మొదటి పేరాలో తేదీ, షిఫ్టు, మెషిన్ నంబరు, నేను మీరిన రూలు. రెండో పేరాలో పాత చిట్టా: రిజిస్టర్‌లో ఎక్కిన నోటి హెచ్చరిక, గార్డు తీసి పని చేసినందుకు ఇచ్చిన రాతపూర్వక హెచ్చరిక. ఈ రెండూ నిజమే. వాటి మధ్యలో హెల్మెట్ లేదని ఇంకో మెమో ఉంది. అది నేను చూసింది లేదు!

"మేడమ్, దాని మీద నా సంతకం చూపించండి" అని హెచ్‌ఆర్‌లో అడిగాను. ఆవిడ ఫైలు తిరగేస్తే అది నా ఇంటిపేరే ఉన్న ఇంకో ఫిట్టర్‌ది. లెటర్ మళ్లీ టైపు చేశారు. రేపు శిక్ష ఎంత వెయ్యాలో తేల్చేటప్పుడు చూసేది ఈ చిట్టానే కాబట్టి ఆ ఒక్క లైను కోసం పట్టుబట్టాను.

చివరి పేరాలో, 12 నెలల్లో మళ్లీ ఇలాంటిదే జరిగితే సంజాయిషీ అడక్కుండా తొలగిస్తామని ఉంది. చదివి టెన్షన్‌తో అన్నం సహించలేదు. పెద్దాయన మాత్రం తేలిగ్గా తీసుకున్నారు. "అలా రాసుకున్నంత మాత్రాన చెల్లదు. స్టాండింగ్ ఆర్డర్స్ ప్రకారం ఛార్జిషీట్ ఇచ్చి, ఎంక్వైరీ పెట్టి, నీ మాట వినాలి. కాకపోతే ఆ ఎంక్వైరీలో మొదట తీసేది ఈ కాగితమే. ఈలోపు సస్పెండ్ చేస్తే మొదటి 90 రోజులు సగం జీతమే."

సగం జీతం అనగానే ఇంటి లోను కళ్ల ముందు తిరిగింది.

సంతకం దగ్గర "అందుకున్నాను" అని రాసి తేదీ వేశాను. "అంగీకరిస్తున్నాను" అని రాయలేదు. నా కాపీ తీసుకుని షిఫ్టుకెళ్తే మళ్లీ అదే కన్వేయర్ జామ్. తాళం పట్టుకుని ప్యానెల్ రూముకి నడుస్తుంటే, వెనక హెల్పర్ "ఇంతసేపా అన్నా" అని గొణుగుతున్నాడు.