కాయిన్ చార్ట్ లాగ్, ఆరో వారం: 150 కింద క్లోజ్ అయ్యేక బయాస్ మార్చేను

ఈ వారం ఒకటే పని పెట్టుకున్నాను, నేను చూసే క్రిప్టో కాయిన్ 4 గంటల చార్ట్‌లో ఏ లో, అంటే రేటు దిగి ఆగిన చోటు, తెగితే నిజంగా ట్రెండ్ పోయినట్టో ముందే పుస్తకంలో రాసుకోవడం. మన టైమ్‌కి ఆ క్యాండిల్ పొద్దున్న 5:30, 9:30, మధ్యాహ్నం 1:30 ఇలా క్లోజ్ అవుతుంది, మధ్యలో చార్ట్ తెరవడం మానేసేను.

కిందటి వారం చేసిన తప్పు ఏటంటే, రేటు 145 నుంచి లేచి పాత హై 152 దాటి 160కి వెళ్లింది, దారిలో 154 దగ్గర చిన్న లో ఒకటి పెట్టింది, అది తెగ్గానే భయపడి 153కి అమ్మీసేను. చూడాల్సింది 145ని. పాత హైని దాటించిన ఎత్తు ఎక్కడ మొదలైందో ఆ లో మాత్రమే అసలుది, మధ్యలోవి లెక్కలోకి రావు. రేటు 150లో ఆగి 168కి పోయింది, నేను మళ్లీ ఎక్కువ రేటుకి కొన్నాను. పైగా అమ్మినందుకు 1 శాతం టీడీఎస్ కట్, రిటర్న్ వేసేదాకా ఆ డబ్బు ఇరుక్కున్నట్టే.

168 హయ్యర్ హై అయ్యింది కాబట్టి ఇప్పుడు నేను కాపలా కాయాల్సిన లో 150. మంగళవారం రాత్రి 148.6 దాకా దిగింది, బావ ఫోన్ చేసి "ఏట్రా, 150 తెగిపోయింది కదా, ఇంకా అమ్మలేదేటి?" అన్నాడు. "క్లోజ్ అవ్వనీ బావా" అన్నాను. 150.8 దగ్గర క్లోజ్ అయ్యింది, అంటే కింద ఉన్న స్టాప్‌లాస్‌లు తీసుకుని వెనక్కొచ్చింది, అది ఒట్టి విక్, క్యాండిల్ తోక మాత్రమే.

బుధవారం మధ్యాహ్నం గంటస్తంభం దగ్గర టీ తాగుతూ 1:30 క్యాండిల్ చూసేను, 147.9లో క్లోజ్, ఈసారి తోక కాదు, క్యాండిల్ బాడీయే 150 కిందకి దిగింది. సగం అమ్మీసి, కొత్తగా కొనడం ఆపేసేను. సగమే ఎందుకంటే ఈ ఒక్క క్లోజ్‌తో పైకెళ్లే వరస తెగింది గానీ కిందకెళ్లే వరస ఇంకా మొదలవ్వలేదు, అక్కణ్ణుంచి రేటు అటూ ఇటూ ఆడుతూ కూర్చోవచ్చు కూడా.

తర్వాత 146.2 దాకా దిగి 156కి లేచింది. 156కి అటు రెండు ఇటు రెండు క్యాండిల్స్ హైలు తక్కువుంటేనే దాన్ని స్వింగ్ హై అని గీత గీస్తాను, అందుకే ఆ సంగతి తెలిసేసరికి 8 గంటలు ఆలస్యం, అది తప్పదు. 168 కంటే తక్కువ కాబట్టి లోయర్ హై. శుక్రవారం పొద్దున్న 5:30కి 144.5లో క్లోజ్ అయ్యి 146.2 కూడా తెగింది, లోయర్ లో వచ్చీసింది. మిగతా సగం అప్పుడు అమ్మేను, నాది స్పాట్ మాత్రమే, షార్ట్ చెయ్యను, కాబట్టి బేరిష్ బయాస్ అంటే నాకు రూపాయల్లో కూర్చోవడమే.

డైలీ చార్ట్‌లో అసలు లో 128 దగ్గరుంది, అది ఇంకా తెగలేదు, అంటే ఈ దిగుడంతా డైలీకి మామూలు పుల్‌బ్యాక్ అయ్యుండొచ్చు. అందుకే పుస్తకంలో రెండు గీతలే రాసుకున్నాను: 4 గంటల బాడీ 156 పైన క్లోజ్ అయితే బేరిష్ బయాస్ కొట్టేస్తాను, డైలీ బాడీ 128 కింద క్లోజ్ అయితే ఈ కాయిన్ కొనే ఆలోచనే పక్కన పెట్టీస్తాను.