మిద్దెతోట వీడియోలకు మ్యూజిక్ క్రెడిట్లు: ఇప్పటిదాకా సాగిన పని

సంక్రాంతి తర్వాత పట్టుకున్న పని ఇది. మా మిద్దెతోట యూట్యూబ్ ఛానల్లో ప్రతి వీడియో కింద ఏ పాట వాడామో, ఏ లైసెన్స్ మీద వాడామో స్పష్టంగా ఉండాలి. మొక్కల గురించి రాసేటప్పుడు విత్తనం ఎక్కడిదో, ఎరువు ఎంతో వివరంగా రాస్తాం. వీడియో మొత్తానికి ప్రాణం పోసే సంగీతం దగ్గరికి వచ్చేసరికి "మ్యూజిక్: ఇంటర్నెట్" అని వదిలేయడం నాకు నచ్చదు. ఆ ట్యూన్ కట్టినవాళ్లు చాలాసార్లు అడిగేది ఆ ఒక్క పేరే.

ముందుగా మిరపనారు వీడియో తీసుకున్నాను. అందులో మూడు రకాల సంగీతం ఉంది. మొదట్లో విత్తనాలు నానబెట్టే చోట కెవిన్ మెక్‌లౌడ్ ట్రాక్, మధ్యలో మట్టి కలిపే చోట యూట్యూబ్ ఆడియో లైబ్రరీ నుంచి తీసుకున్న గిటార్ ముక్క, చివర్లో మా వదిన వాయించిన వీణ. మూడింటికీ రాయాల్సింది వేరువేరు. ఈ ఒక్క వీడియోకి సరిగా కుదిరితే మిగతావన్నీ దాని అచ్చులోనే పోతాయి.

మెక్‌లౌడ్ తన ఇన్‌కాంపిటెక్ సైట్లో ట్రాకులు ఉచితంగా ఇస్తారు, కానీ క్రియేటివ్ కామన్స్ అట్రిబ్యూషన్ 4.0 లైసెన్స్ మీద. పేరు రాస్తేనే వాడుకునే హక్కు. డబ్బు కట్టి లైసెన్స్ కొనుక్కుంటే తప్ప పేరు ఎగ్గొట్టే దారి లేదు. ఏం రాయాలో సైట్లోనే ఇస్తారు కాబట్టి సొంత కవిత్వం అక్కర్లేదు. మా వీడియో కింద పెట్టింది ఇది:

```
మొదటి భాగం సంగీతం:
"Carefree" Kevin MacLeod (incompetech.com)
Licensed under Creative Commons: By Attribution 4.0 License
http://creativecommons.org/licenses/by/4.0/
మార్పులు: నిడివి తగ్గించాం, చివర ఫేడ్ అవుట్ చేశాం.
```

ఇందులో ప్రతి వరుసకీ పని ఉంది. ట్రాక్ పేరు, కట్టినవారి పేరు, దొరికిన చోటు, లైసెన్స్ పేరు, దాని లింకు. ఆఖరి వరుస మాత్రం నేను చేర్చింది. అసలు ట్రాక్‌ను మార్చి వాడితే ఆ సంగతి చెప్పాలని 4.0 లైసెన్స్ అడుగుతుంది. మేం ట్రాక్‌ను సగానికి పైగా కోసేశాం కాబట్టి రాశాను. చాలా ఛానళ్ల కింద "మ్యూజిక్ బై కెవిన్ మెక్‌లౌడ్" అని ఒక్క ముక్క కనిపిస్తుంది. అది మర్యాదే గానీ, లైసెన్స్ షరతు తీరినట్టు కాదు. ఏ ట్రాకో, ఏ లైసెన్సో అందులో లేవు.

వేరే వీడియో కింద ఉన్న క్రెడిట్‌ను కాపీ కొట్టేటప్పుడు వెర్షన్ నంబర్ చూసుకోవాలి. పాత క్రెడిట్లలో 3.0 అని ఉంటుంది. 3.0, 4.0 రెండూ వేరు లైసెన్సులు, లింకులూ వేరే. ట్రాక్ పేజీలో ఈరోజు ఏది ఉంటే అదే రాయాలి. 4.0లో ఒక వెసులుబాటు ఉంది: క్రెడిట్ లోపించిందని తెలిసిన 30 రోజుల్లోపు సరిచేస్తే పోయిన హక్కు దానంతటదే తిరిగొస్తుంది. 3.0లో ఆ వెసులుబాటు లేదు. అందుకే 3.0 ట్రాకులున్న వీడియోల్ని జాబితాలో ముందుకు తెచ్చాను.

క్రియేటివ్ కామన్స్ అని ఉంది కదా అని అన్నీ వాడేయడం కుదరదు. లైసెన్స్ పేరులో ఎన్‌డీ అన్న అక్షరాలుంటే మార్చిన రూపాన్ని బయటపెట్టకూడదు. దృశ్యంతో కలిపి సంగీతాన్ని అతికించడాన్ని ఈ లైసెన్సులు మార్పు కిందే లెక్కిస్తాయి. అంటే ఎంత చక్కగా క్రెడిట్ రాసినా ఎన్‌డీ ట్రాక్ వీడియోకి పనికిరాదు. ఎస్ఏ ఉంటే వీడియోని కూడా అదే లైసెన్స్ కింద వదలాలి. ఎన్‌సీ అంటే వ్యాపారానికి వాడొద్దని. మా ఛానల్‌కి ఆదాయం లేదు గానీ, మనం కోరకపోయినా యూట్యూబ్ యాడ్స్ వెయ్యగలదు, అందుకని ఎన్‌సీ జోలికి పోవడం లేదు.

గిటార్ ముక్క విషయం తేలికగా తేలింది. యూట్యూబ్ స్టూడియోలో ఆడియో లైబ్రరీ తెరిస్తే ప్రతి ట్రాక్ పక్కనా లైసెన్స్ గుర్తు ఉంటుంది. యూట్యూబ్ గుర్తుంటే పేరు రాయక్కర్లేదు. సీసీ గుర్తుంటే తప్పనిసరి, దాని మీద నొక్కితే రాయాల్సిన వాక్యం కాపీ చేసుకోవడానికి సిద్ధంగా వస్తుంది. వెతికేటప్పుడే `Attribution not required` ఫిల్టర్ పెట్టుకోవచ్చు. నేను అక్కర్లేని వాటికి కూడా ట్రాక్ పేరు, కళాకారుడి పేరు, "యూట్యూబ్ ఆడియో లైబ్రరీ" అని ఒక వరుస వేస్తున్నాను. ఆ పాట ఏమిటని కామెంట్లలో అడిగేవాళ్లకి జవాబు అక్కడే దొరుకుతుంది.

శివరాత్రి వారమంతా వీణ దగ్గరే గడిచింది. వదిన వాయించింది త్యాగరాజస్వామి కీర్తన "బంటురీతి కొలువు", హంసనాద రాగం. స్వామి 1847లో సిద్ధి పొందారు. మన దేశంలో రచయితకు హక్కు ఆయన తర్వాత 60 ఏళ్లు, కాబట్టి కీర్తన ఎప్పుడో అందరి సొత్తు అయింది. కానీ రికార్డింగ్‌కి హక్కు వేరుగా ఉంటుంది, అది విడుదలైన నాటి నుంచి 60 ఏళ్లు. పాతకాలపు కీర్తనే కదా అని ఏ విద్వాంసుడి క్యాసెట్ నుంచో తీసి పెడితే ఆ క్యాసెట్ కంపెనీ హక్కు అడ్డొస్తుంది. మాది ఇంట్లో ఫోన్‌తో చేసిన రికార్డింగ్ కాబట్టి ఆ బెంగ లేదు. వాయించినవారికీ చట్టంలో ప్రదర్శకుల హక్కు ఉంది, అందుకని వదిన దగ్గర వాట్సాప్‌లోనే రాతపూర్వకంగా అనుమతి తీసుకున్నాను. "పేరు వేస్తే ఇంటిపేరుతో సహా వెయ్యి, మా గురువుగారు కూడా చూస్తారు" అంది. ఇలా వేశాం, వీణ అన్న చోట తన పూర్తి పేరు ఉంటుంది:

```
చివరి భాగం: బంటురీతి కొలువు, హంసనాదం, ఆది తాళం
రచన: త్యాగరాజస్వామి (1767–1847)
వీణ: …
రికార్డింగ్: ఈ వీడియో కోసం మా ఇంట్లో చేసింది
```

అయినా దాని మీద కంటెంట్ ఐడీ క్లెయిమ్ వచ్చింది, అంటే వీడియోల్లోని సంగీతాన్ని దానంతటదే పోల్చి చూసే యూట్యూబ్ ఏర్పాటు ఇది వేరేవాళ్లదని పట్టుకుంది. ఎవరిదో కమర్షియల్ రికార్డింగ్ వరుసతో మా వీణ కలిసిందట. ఒకే కీర్తనను ఒకే పాఠాంతరంలో వాయిస్తే కలవక ఏం చేస్తుంది? క్లెయిమ్ అంటే స్ట్రైక్ కాదు, ఛానల్‌కి ముప్పేమీ ఉండదు. కానీ ఊరుకుంటే వదిన వాయించిన ముక్క మీద వచ్చే యాడ్ డబ్బులు ఎవరికో పోతాయి. డిస్ప్యూట్ ఫారంలో పబ్లిక్ డొమైన్ అన్న కారణం ఎంచుకుని, వివరణలో ఇంతే రాశాను:

```
The composition is by Tyagaraja (died 1847), public domain.
The veena performance was recorded by us at home.
No commercial recording is used in this video.
```

అవతలివాళ్లు జవాబివ్వడానికి 30 రోజుల గడువుంటుంది. మా వీడియో మీద క్లెయిమ్‌ను గడువుకి ముందే వదులుకున్నారు. వదిన వాయిస్తున్న పూర్తి వీడియో, ఫోన్లోని అసలు ఫైల్ దాచి ఉంచాను. అప్పీలు దాకా వెళ్తే అవే సాక్ష్యం.

తర్వాతి వీడియోకి అన్నమయ్య కీర్తన వాయిస్తానంది వదిన. ఇక్కడ కొంచెం ఆగాల్సి వచ్చింది. సాహిత్యం 15వ శతాబ్దానిది, దానికి అడ్డులేదు. కానీ ఈరోజు మనం వింటున్న వరుసల్లో చాలా వాటిని 20వ శతాబ్దపు విద్వాంసులు కట్టారు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు 1979లో కన్నుమూశారు, ఆయన కట్టిన వరుసకి 60 ఏళ్ల లెక్క 2039 చివరి దాకా నడుస్తుంది. "రచన: అన్నమాచార్యులు" అని రాసి ఊరుకుంటే వరుస కట్టినవారి పేరు మాయమవుతుంది, అనుమతి సంగతి సరేసరి. ఏ వరుసో తేలేదాకా ఆ కీర్తన పక్కన పెట్టి, మరో త్యాగరాజ కృతి అనుకున్నాం.

కొన్న ట్రాక్ ఒకటి బంతిపూల వీడియోలో ఉంది. రాయల్టీ ఫ్రీ ట్రాక్‌కి ఒకసారి లైసెన్స్ తీసుకుంటే ప్రతి వాడకానికీ మళ్లీ కట్టక్కర్లేదు, అంతవరకే. హక్కు ట్యూన్ కట్టినవారి దగ్గరే ఉంటుంది, షరతులూ ఉంటాయి. మా లైసెన్స్‌లో క్రెడిట్ తప్పనిసరి అని లేదు, అయినా ఇలా పెట్టాను:

```
Music: "ట్రాక్ పేరు" by కళాకారుడి పేరు
Licensed from: సైటు పేరు
```

కొనుగోలు కోడ్ మాత్రం అందులో పెట్టలేదు. దాన్ని ఎవరైనా ఎత్తుకుని తమ డిస్ప్యూట్లో వాడుకోవచ్చు. లైసెన్స్ కోడ్ డిస్క్రిప్షన్లోనే వేయమని కొన్ని సైట్లు షరతు పెడతాయి, అప్పుడు వేయక తప్పదు. లేదంటే ఆ కోడ్, సర్టిఫికెట్ పీడీఎఫ్ నా ఫోల్డర్లోనే ఉంటాయి, క్లెయిమ్ వస్తే ఫారంలో ఇస్తాను. సర్టిఫికెట్ మీద నా పేరు, ట్రాక్ పేరు, తేదీ, ఏ రకం లైసెన్స్ అన్నవి ఉన్నాయో కొన్న రోజే చూసుకోవాలి. నెలవారీ చందా సైట్లయితే ఛానల్‌ని వాళ్ల ఖాతాలో జోడించాకే వీడియో పబ్లిష్ చేయాలి. ఆ జోడింపు లేకుండా కింద ఎంత రాసినా క్లెయిమ్ ఆగదు.

"ఈ పాట హక్కులు సంబంధిత యజమానులవే, కాపీరైట్ ఉల్లంఘన ఉద్దేశం లేదు" అన్న వాక్యం కొన్ని పాత వీడియోల కింద సినిమా పాటలతో పాటు కనిపించింది. మా తమ్ముడు ఎడిట్ చేసిన పెళ్లి, పండగ వీడియోలవి. ఆ వాక్యం అనుమతి కాదు, యూట్యూబ్ కూడా అదే చెబుతుంది. ఆ వీడియోల్లో పాట తీసేసి ఆడియో లైబ్రరీ ట్రాక్ పెట్టడం ఒక్కటే దారి. స్టూడియో ఎడిటర్లోనే మార్చొచ్చు, లింకు మారదు.

ఫార్మాట్‌లో ఒక చిక్కు ఉగాది ముందు బయటపడింది. ఏ పాట ఎక్కడ మొదలైందో చెప్పడానికి 0:00, 2:40, 6:15 అని టైములు వేస్తే యూట్యూబ్ వాటిని చాప్టర్లుగా పట్టుకుంటుంది. 0:00తో మొదలై వరుసలో మూడు టైములుంటే చాలు. మిరపనారు వీడియో బార్ మీద "విత్తన శుద్ధి" బదులు పాటల పేర్లు కనిపిస్తాయి. అందుకే టైములు లేకుండా "మొదటి భాగం, చివరి భాగం" అని మాటల్లో రాస్తున్నాను.

షార్ట్స్‌కి వేరే నియమం పెట్టుకున్నాను. వాటి డిస్క్రిప్షన్లో లింకులు 2023 ఆగస్టు 31 నుంచి నొక్కితే తెరుచుకోవు, పైగా దాన్ని తెరిచి చూసేవాళ్లు తక్కువ. షార్ట్స్‌కి క్రెడిట్ అక్కర్లేని ట్రాకులే. పెద్ద వీడియోలకి చివర్లో చదవడానికి వీలుగా మ్యూజిక్ క్రెడిట్లున్న ఒక స్లైడ్ వేస్తున్నాం. మా చుట్టాలు వీడియో దించుకుని వాట్సాప్‌లో పంపుకుంటారు, అక్కడికి డిస్క్రిప్షన్ వెళ్లదు, వీడియోలో ఉన్నదే వెళ్తుంది.

ఇప్పుడు ప్రతి ట్రాక్ ఫైల్‌కీ `Carefree_KevinMacLeod_CCBY4.mp3` పద్ధతిలో పేరు పెట్టి, దించుకున్న రోజు లైసెన్స్ పేజీ స్క్రీన్‌షాట్ అదే ఫోల్డర్లో వేస్తున్నాను. మిగిలినవి 3.0 ట్రాకులున్న రెండు పాత వీడియోలు, తమ్ముడి పండగ వీడియోలు. వాటిలో ఒకదానికి ట్రాక్ ఎక్కడ దించాడో వాడికే గుర్తులేదు. మూలం దొరక్కపోతే దాని ఆడియో మార్చేస్తాను.