ప్రాబబిలిటీ 1.8 వచ్చిన రోజు

గేట్ డీఏ పేపర్‌కు చదివే మనలో చాలామంది లాజిస్టిక్ రిగ్రెషన్ అనగానే S ఆకారంలో ఒక వంపు గీసి, పేజీ తిప్పేస్తాం. నేనూ అంతే. ఒక మాక్ టెస్టులో రెండు మార్కుల న్యూమరికల్ ప్రశ్న పోయాక గానీ, కోఎఫిషియెంట్ ఏం చెబుతుందో నాకు అసలు తెలియదన్న సంగతి బయటపడలేదు.

మాది నల్లగొండ జిల్లాలో మర్రిగూడ వైపు. ఫ్లోరైడ్ నీళ్ల గురించి మాకు ఎవరూ చెప్పక్కర్లేదు, పెద్దవాళ్ల పళ్ల మీద గారలు చూస్తూనే పెరిగాం. అందుకే ప్రాక్టీసుకు ఆ విషయం మీదే ఒక లెక్క అల్లుకున్నాను. లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ x మిల్లీగ్రాములు, పళ్లకు గార వచ్చే ప్రాబబిలిటీ p. అంకెలు నేను ఊహించుకున్నవే, ఏ సర్వేవీ కావు.

```
ln(p/(1-p)) = -4 + 1.1x
```

ఎడమవైపున్నది p కాదు. p/(1-p) అంటే ఆడ్స్, దాని లాగ్ అక్కడ ఉంది. కాబట్టి x ఒకటి పెరిగితే 1.1 పెరిగేది లాగ్ ఆడ్స్. లాగ్ విప్పితే కూడిక గుణకారంగా మారుతుంది: ఆడ్స్ e^1.1 రెట్లు, అంటే దాదాపు 3 రెట్లు అవుతాయి. అదే ఆడ్స్ రేషియో. ఇంతవరకు నాకూ వచ్చు. ఆ తర్వాతే నా నోట్సులో "గార వచ్చే అవకాశం 3 రెట్లు" అని రాసుకున్నాను.

లైబ్రరీలో నా పక్కన గ్రూప్స్‌కు చదివే తమ్ముడు ఒకడు కూర్చునేవాడు. స్టాటిస్టిక్స్ వాడి సబ్జెక్టే కాదు. నోట్సు చూసి, "అన్నా, 4 దగ్గర 0.6 అని రాసినవ్ గదా, 5 దగ్గర 1.8 అయితదా?" అన్నాడు. ప్రాబబిలిటీ 1 దాటదని వాడికీ తెలుసు. నాకు నోట మాట రాలేదు.

ఆ రోజు కూర్చుని ఒక్కో x కూ లెక్క కట్టాను. x = 4 దగ్గర లాగ్ ఆడ్స్ -4 + 4.4 = 0.4. ఆడ్స్ e^0.4 = 1.49. దాన్ని 1 + 1.49తో భాగిస్తే p = 0.60. x = 5 దగ్గర లాగ్ ఆడ్స్ 1.5, ఆడ్స్ 4.48, p = 0.82. ఆడ్స్ 1.49 నుంచి 4.48కి దాదాపు మూడింతలయ్యాయి, p మాత్రం 0.60 నుంచి 0.82కే వెళ్లింది. అదే కింద, x = 1 నుంచి 2కి వెళ్తే p 0.052 నుంచి 0.142 అవుతుంది, అంటే 2.7 రెట్లు. అక్కడ మూడు రెట్లు అన్నా పెద్ద తప్పు కనబడదు. నేను మోసపోయింది అక్కడే. p బాగా చిన్నగా ఉంటే 1-p దాదాపు ఒకటే కాబట్టి ఆడ్స్, ప్రాబబిలిటీ కవలపిల్లల్లా ఉంటాయి. p పెరిగేకొద్దీ విడిపోతాయి.

మైనస్ కోఎఫిషియెంట్‌లోనూ ఇదే తిరకాసు. ఇంట్లో ఫ్లోరైడ్ తీసే ఫిల్టర్ ఉంటే 1, లేకపోతే 0 అని ఇంకో వేరియబుల్ చేర్చి, దానికి -0.7 ఇచ్చాను. ఆడ్స్ రేషియో e^-0.7, దాదాపు 0.5. "రిస్క్ సగం అవుతుంది" అనే ఆప్షన్ చూడగానే చెయ్యి అటే పోతుంది. x = 2 దగ్గర 0.142 కాస్తా 0.076 అవుతుంది, ఇది సగానికి దగ్గరే. x = 5 దగ్గర మాత్రం 0.82 నుంచి 0.69కే దిగుతుంది. అందుకే ప్రాబబిలిటీ ఎంత మారిందని అడిగితే మిగతా వేరియబుల్స్ విలువలు ఇచ్చారో లేదో ముందు చూడండి. అవి లేకుండా ఒక్క ఆడ్స్ రేషియోతో జవాబు రాదు.

యూనిట్ దగ్గర కూడా ఒకసారి ఆగండి. ఫ్లోరైడ్ అర మిల్లీగ్రాము పెరిగితే ఆడ్స్ ఎన్ని రెట్లు అంటే 3లో సగం 1.5 అని వేసేశాను. సగం చేయాల్సింది లాగ్ ఆడ్స్‌లో పెరిగే 1.1ను: e^0.55 = 1.73.

ఇక మాక్‌లో పోయిన ఆ రెండు మార్కులు. ఆడ్స్ రేషియో 3 ఇచ్చి కోఎఫిషియెంట్ అడిగారు. స్క్రీన్ మీది కాలిక్యులేటర్‌లో `log` నొక్కి 0.477 టైప్ చేశాను. అది బేస్ 10 లాగ్. నొక్కాల్సింది `ln`, జవాబు 1.099. న్యూమరికల్ ప్రశ్నకు నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి పోయింది ఆ రెండే. ఇప్పుడు జవాబు టైప్ చేసే ముందు దాన్ని మళ్లీ `e^x`లో వేసి చూస్తున్నాను. 0.477 వేస్తే 1.61 వస్తుంది, 3 రాదు.