తడి బుట్టకి, పొడి సంచికి: ఈ రెండు ముక్కలు మా గోడ ఎక్కేదాకా

నిన్న సాయంత్రమే పెయింటర్ పని ముగించి వెళ్లాడు. కోపం చల్లారకముందే రాసేయాలని కూర్చున్నాను, ఎందుకంటే రేపో ఎల్లుండో ఇంకో అపార్ట్‌మెంట్‌లో ఇంకెవరినో పిలిచి "మీరు బాగా రాస్తారు కదా, చెత్త గురించి ఒక స్లోగన్ రాసివ్వండి" అంటారు, వాళ్లకి పనికొస్తుంది.

మాది బెంగళూరులో కె.ఆర్.పురం వైపు. సగానికి పైగా తెలుగువాళ్లమే, మిగతావాళ్లు కన్నడిగులు, కొన్ని తమిళ కుటుంబాలు, పై అంతస్తుల్లో ఉద్యోగాలు చేసే కుర్రాళ్లు. చెత్త బండి వాళ్లు రెండుసార్లు మా తడి డ్రమ్ము ముట్టుకోకుండా వెళ్లిపోయారు, "మిక్స్ చేశారు, తీసుకోం" అని. పార్కింగ్‌లో వాసన. దాంతో కమిటీ బోర్డు పెడదామంది, స్లోగన్ రాసే పని నాకొచ్చింది. ఇంతవరకు ఏ ఇబ్బందీ లేదు.

రాయడానికి ముందు నేను చేసిన మంచి పని ఒకటుంది, గర్వంగానే చెప్తాను. పొద్దున్నే కిందికి వెళ్లి, డ్రమ్ముల దగ్గర పని చేసే ఆమెతో పాటు నిలబడ్డాను. బెంగళూరు పౌరకార్మికుల్లో తెలుగు మాట్లాడేవాళ్లు చాలామంది, ఈమెది అనంతపురం వైపు. "ఇండ్లోల్లు ఏరు చేయడం లేదా అక్కా?" అని అడిగితే ఆమె తల అడ్డంగా ఊపింది. "చేస్తాండారమ్మా, నాకు తెలీదా? కానీ తడిదంతా నల్ల కవర్లో ఏసి, పైన గట్టిగా ముడి ఏసి పారేస్తాండారు. ఆ ముడి ఇప్పేకి గోర్లు పోతాండాయి. ఇప్పకపోతే బండోడు తీసుకోడు." ఒక కవరు నా ముందే చింపింది. లోపల సాంబారు అన్నం, అరటి తొక్కలు, టీ పొడి, కాస్త అడుగున పిల్లల డైపరు. పులిసిపోయిన నీళ్లు ఆమె మోచేతి దాకా కారాయి. గ్లవ్స్ ఉన్నాయి గానీ మణికట్టు దాకానే.

అప్పుడు నాకు విషయం తెలిసింది. మా వాళ్లలో ఎక్కువమంది ఇంట్లో రెండు బుట్టలు పెట్టుకున్నవాళ్లే. "తడి చెత్త, పొడి చెత్త వేరు చేయండి" అని ఎంత పెద్ద అక్షరాలతో రాసినా "మేం చేస్తూనే ఉన్నాం కదా" అనుకుని ముందుకి వెళ్లిపోతారు. తప్పు జరుగుతున్నది తడి బుట్టలో వేసే ప్లాస్టిక్ కవరు దగ్గర. ముడేసిన కవర్లో గాలి ఆడదు, అందుకే లోపలిది ఎరువు అవడానికి బదులు కుళ్లి కంపు కొడుతుంది. చింపకుండా ఎరువు చేసే చోటికి పంపితే ఆ పల్చటి ప్లాస్టిక్ ముక్కముక్కలై ఎరువులో కలిసిపోతుంది, మళ్లీ దాన్ని ఏరడం ఎవరి వల్లా కాదు.

బెంగళూరుకి ఈ సంగతి కొత్త కాదు. 2012లో నగరం చెత్త పోసే మావళ్లిపురలో డంపింగ్ ఆగిపోయి, అలాగే చెత్త పోసే ఇంకో చోటు మండూరులో ఊరివాళ్లు తిరగబడ్డాక నగరంలో చెత్త వేరు చేయడం తప్పనిసరి చేశారు. 2015 చివర్లో హైకోర్టు రెండు బుట్టలు, ఒక సంచి పద్ధతి పెట్టమంది. ఆకుపచ్చ బుట్టలో తడి, ఎర్ర బుట్టలో డైపర్లు, ప్యాడ్‌లు, కట్టు గుడ్డల్లాంటివి, మళ్లీ మళ్లీ వాడే సంచిలో పొడి. నా నినాదం ఇక్కడినుంచే వచ్చింది:

తడి బుట్టకి, పొడి సంచికి.
బుట్టలో కవరు వద్దు, అడుగున పేపరు పరవండి.

పై లైను పని చెప్తుంది, కింది లైను మా దగ్గర జరిగే తప్పుని ఆపుతుంది. అంతకంటే అందులో ఏమీ ఉండకూడదని నా పట్టుదల.

ఇక మీటింగ్. ఆదివారం పార్కింగ్‌లోనే, ప్లాస్టిక్ కుర్చీలేసుకుని. కాగితం తీసి చదివాను. ఒక నిమిషం ఎవరూ మాట్లాడలేదు. తర్వాత సెక్రటరీ గారు నవ్వి, "ఏంటి మేడమ్, ఇది స్లోగనా, పనిమనిషికి పెట్టే చీటీయా?" అన్నారు. అందరూ నవ్వారు. వెనకనుంచి ఎవరో "కవిత్వం ఎక్కడ మేడమ్?" అన్నారు. సెక్రటరీ గారు జేబులోంచి తను రాసుకొచ్చింది తీశారు. భూమాత పిలుస్తోంది, భావితరాలకు పచ్చని బహుమతి ఇద్దాం, చెత్తను వేరు చేసి చేయూతనిద్దాం అంటూ నాలుగు లైన్లు, పక్కన భూగోళాన్ని చేతుల్లో పట్టుకున్న బొమ్మ, ఆరడుగుల ఫ్లెక్స్ మీద. చప్పట్లు కొట్టారు. నా ముఖం వేడెక్కింది. ఇరవై ఏళ్లు అకౌంట్స్ చూసినదాన్ని, నాకు కవిత్వం రాదని ఎప్పుడూ బాధ లేదు, కానీ పొద్దున్నే డ్రమ్ము దగ్గర నిలబడి చూసి రాసినదాన్ని చూడనివాళ్లు నవ్వుతుంటే చాలా అవమానంగా అనిపించింది. "చేయూత అంటే ఏం చేయాలండీ? ఆ నాలుగు లైన్లు చదివాక నా వంటింట్లో నేను మార్చుకోవాల్సింది ఏంటి?" అని అడిగాను. "అది ఫీల్ మేడమ్" అన్నారు.

ఒకావిడ మాత్రం మంచి ప్రశ్న వేసింది: "మేం మట్టిలో కలిసిపోయే కవర్లు కొంటున్నాం కదండీ, అవి వేయొచ్చా?" దీనికి జవాబు చెప్పి తీరాలి, చాలామందికి ఈ సందేహం ఉంది. ఆ కవర్లలో కొన్ని నిజంగా ఎరువయ్యేవే, కానీ చాలా వాటికి ఎరువు చేసే చోట ఉండే వేడి, తేమ, టైము కావాలి. పైగా ముడేసి డ్రమ్ములో పడేశాక అది ఏ రకం కవరో చేత్తో పట్టుకున్నవాళ్లకి తెలిసే దారి లేదు. అనుమానం వస్తే చింపాల్సిందే. అందుకే పేపరు.

అదే మీటింగ్‌లో ప్రెసిడెంట్ గారు "డైపర్లు కూడా కలపండి, పాల ప్యాకెట్ కూడా, పగిలిన గ్లాసు కూడా" అంటూ పెంచుకుంటూ పోయారు. నేను ఒప్పుకోలేదు. బోర్డు చదివేవాళ్లు చేతిలో చెత్తతో నిలబడి ఉంటారు, రెండు మాటలకి మించి తలకెక్కవు. డైపర్లు పేపర్లో చుట్టి ఎర్ర బుట్టలో వేయాలన్నది ముఖ్యమే, దానికి ఎర్ర బుట్ట మూత మీదే వేరే స్టిక్కర్ వేద్దాం అన్నాను. పాల ప్యాకెట్ సంగతి వాట్సాప్‌లో చెప్తే చాలు: కడిగి ఆరబెట్టి పొడి సంచిలో వేయండి, మూల పూర్తిగా కత్తిరించకండి, ఆ చిన్న ముక్క ఎక్కడో పడిపోతుంది, దాన్ని ఎవరూ ఏరలేరు. ఓటింగ్ పెడితే నాది ఓడిపోయింది. ఫ్లెక్స్ వేశారు.

అక్కడితో వదిలేసేదాన్నే. కానీ పై వారం డ్రమ్ము మళ్లీ ఎత్తలేదు. ఫ్లెక్స్ కింద, దాని నీడలోనే, ముడేసిన నల్ల కవర్లు. నేను ఒక్కో ఇంటి తలుపు కొట్టి "రేపు పొద్దున ఐదు నిమిషాలు కిందికి రండి, ఏం మాట్లాడొద్దు, చూడండి చాలు" అన్నాను. నలుగురైదుగురు వచ్చారు. సెక్రటరీ గారు రాలేదు. డ్రమ్ముల దగ్గర పని చేసే ఆమె కవర్లు చింపుతుంటే చూశారు. మీటింగ్‌లో "కవిత్వం ఎక్కడ" అన్నాయన ముఖం పక్కకి తిప్పుకుని, "అమ్మా, ఇదంతా మాదేనా?" అని అడిగాడు. "మీ ఇంటిదో, ఎవరి ఇంటిదో, నాకు అన్నీ ఒకటే సార్" అంది ఆమె. తర్వాతి మీటింగ్‌లో ఎవరూ నవ్వలేదు, నా రెండు లైన్లే గోడ మీద రాయిద్దామన్నారు. ఇంకో మాట, పీవీసీ ఫ్లెక్స్ మీద చెత్త గురించి రాయడమేంటండీ? చిరిగాక దాన్ని తీసుకునే పాత సామాన్లవాడు మా వీధిలో లేడు. ఏ కమిటీ అయినా గోడ ఉండగా ఫ్లెక్స్ జోలికి వెళ్లొద్దు.

గోడ మీద రాయించడానికి కొన్ని మాటలు. డ్రమ్ములు ఉన్నచోటే, కళ్ల ఎత్తులో రాయించండి, గేటు దగ్గర కాదు. పది అడుగుల నుంచి సులువుగా కనపడాలంటే అక్షరం అంగుళం పైన ఉండాలి, మేం మూడంగుళాలు పెట్టించాం. తెలుగులో వత్తులు కిందికి దిగుతాయి కాబట్టి లైన్ల మధ్య జాగా ఎక్కువ వదలమని పెయింటర్‌కి ముందే చెప్పండి, లేకపోతే పై లైను వత్తు కింది లైను నెత్తిన కూర్చుంటుంది. నమూనా ప్రింట్ తీసిన షాపువాడు "పొడి"ని "పోడి" చేశాడు, కాబట్టి చేత్తో రాసిన కాగితమే పెయింటర్‌కి ఇవ్వండి. కన్నడ లైను కూడా పక్కనే: హసి కస బుట్టిగె, ఒణ కస చీలక్కె. పక్కింటి కన్నడ మాస్టారు సరిచూశారు, ఆయనకి థాంక్స్. బుట్టలు కిందికి తెచ్చేది చాలా ఇళ్లలో పనిమనుషులు, వాళ్లలో కొందరికి ఏ అక్షరమూ రాదు, అందుకే లైన్ల పక్కన ముడేసిన కవరు బొమ్మ వేసి దాని మీద ఎర్ర గీత కొట్టించాం.

ఫలితం ఎలా తెలుస్తుందంటే, వాసన చూసి కాదు, డ్రమ్ములో పైకి కనిపించే కవర్లు చూసి. గోడ కంటే ముందే ఆ రెండు లైన్ల స్టిక్కర్లు వేసిన ఈ రెండు వారాల్లో ఫ్యామిలీల ఇళ్లనుంచి వచ్చేవి బాగా తగ్గాయి. పేపరు రెండు మడతలు వేసి అడుగున, పక్కలకి వచ్చేలా పరిస్తే బుట్ట అంటుకోదు, కడగడం కూడా తేలిక. చారు, మజ్జిగలాంటివి మాత్రం ముందే సింకులో వంచేయండి, పేపరు ఆ నీళ్లకి ఆగదు.

కుర్రాళ్ల ఫ్లాట్లు ఇంకా దారికి రాలేదు. రాత్రి హోటల్ నుంచి తెప్పించుకున్న బిర్యానీ డబ్బా, అందులో మిగిలిన గ్రేవీ, స్పూను, కవరు, అంతా కలిపి ముడి. వాళ్లు మూణ్నెల్లకోసారి మారిపోతారు కూడా. ఓనర్లతో మాట్లాడాను, కొత్తగా ఎవరు దిగినా తాళంచెవితో పాటు ఆకుపచ్చ బుట్ట, ఒక గుడ్డ సంచి, మూత మీద ఆ రెండు లైన్ల స్టిక్కర్ ఇవ్వాలని. ఇద్దరు ఓనర్లు ఒప్పుకున్నారు, మిగతావాళ్లని వచ్చే నెల అద్దెలు తీసుకోవడానికి వచ్చినప్పుడు పట్టుకుంటాను.