161.0 దగ్గర ఆగిపోయిన సంతకం

మొత్తానికి ఈ సాయంత్రం నా వెయింగ్ క్వాలిఫికేషన్ మీద, అంటే ల్యాబులో సొంతంగా తూకాలు వేయొచ్చనే అర్హత కాగితం మీద, సంతకం పడింది. కోపం చల్లారిపోకముందే రాసెయ్యాలని కంపెనీ బస్సులోనే మొదలుపెట్టాను. గాజువాక ట్రాఫిక్ పుణ్యమా అని కావలసినంత టైమ్ దొరికింది. పరవాడ వైపు మందుల కంపెనీల ల్యాబుల్లో ట్రైనీలుగా చేరబోయే కెమిస్ట్రీ వాళ్లకి, తూకాలు కూడినప్పుడు మొత్తాన్ని ఏ దశాంశ స్థానం దాకా రాయాలన్న ఈ గొడవ పనికొస్తుంది.

ఏ పని ఎలా చేయాలో రాసి ఉంచే ఎస్ఓపీలు చదివి సంతకాలు పెట్టడం ఒక పూట పని. బ్యాలెన్స్ లెవెల్ చూడటం, స్టాండర్డ్ వెయిట్స్ పెట్టి చెక్ చేయడం కాలేజీలోనే అలవాటు. తూకాల్లోనూ పేచీ లేదు. పేచీ అంతా మూడు తూకాలను కూడి మొత్తం రాయమన్న చోట వచ్చింది.

ఒక ప్లాసిబో మిశ్రమం కలపాలి. ఎక్కువ మోతాదులో పడే పొడిని పెద్ద బ్యాలెన్స్ మీద తూచాను. అది ఒక్క దశాంశ స్థానమే చూపిస్తుంది: 152.4 గ్రాములు. రెండోది రెండు స్థానాల బ్యాలెన్స్ మీద 8.34. మూడోది అనలిటికల్ బ్యాలెన్స్ మీద 0.2441. కాలిక్యులేటర్‌లో మొత్తం 160.9841 వచ్చింది. నేను షీటులో 161.0 అని రాశాను.

మా సీనియర్ షీటు చూసి అందరి ముందూ, "ఏటమ్మా ఇది? ఎమ్మెస్సీ ఎలా పాసయ్యావు? అన్నిటికన్నా తక్కువ సిగ్నిఫికెంట్ ఫిగర్స్ ఎందులో ఉన్నాయో చూసి, జవాబులో అన్నే ఉంచాలని ఇంటర్లో చెప్పలేదా?" అన్నారు. 8.34లో ఉన్నవి మూడే కాబట్టి జవాబు 161 అట. ఆ సున్నా ఎందుకు పెట్టావంటే అందం కోసమా అని నవ్వారు. పక్కనున్నవాళ్లూ నవ్వారు.

నవ్వితే ఊరుకునేదాన్ని. కానీ మా దగ్గర రాసిన అంకె మార్చాలంటే ఒక గీత కొట్టి, సరైనది పక్కన రాసి, సంతకం, తేదీ, కారణం రాయాలి. కారణం దగ్గర "లెక్కలో పొరపాటు" అని నా చేత్తో రాయమన్నారు. లేని పొరపాటుకు నేను సంతకం పెట్టనన్నాను. దాంతో నా ఫైలు ఆయన టేబుల్ సొరుగులోకి పోయింది.

ఆయన చెప్పిన సూత్రం ఉంది, కాకపోతే అది గుణకారానికి, భాగహారానికి. కూడికలో, తీసివేతలో ఎన్ని అంకెలున్నాయని చూడం, దశాంశ బిందువు తర్వాత ఏ స్థానం వరకు తెలుసో చూస్తాం. ఎందుకో తెలియాలంటే మూడు తూకాలనీ బిందువుల కింద బిందువు వచ్చేలా నిలువుగా రాసి, బ్యాలెన్స్ చెప్పని చోట ప్రశ్నార్థకం పెట్టండి.

```
152.4???
  8.34??
  0.2441
```

పెద్ద బ్యాలెన్స్ 152.4 అన్నప్పుడు అసలు బరువు 152.36 కావచ్చు, 152.43 కావచ్చు. ఆ రెండో స్థానం మనకి తెలియదు. తెలియని అంకెకి అనలిటికల్ బ్యాలెన్స్ ఇచ్చిన అంకెను కలిపితే వచ్చేదీ తెలియని అంకే. మొదటి స్థానం నిలువు వరుసలో మాత్రం ప్రశ్నార్థకం లేదు. అందుకే జవాబు అక్కడిదాకా ఉంటుంది: 161.0. ఆ సున్నా అందానికి పెట్టింది కాదు. 161 అని వదిలేస్తే 160.5 నుంచి 161.5 మధ్య ఎక్కడైనా ఉండొచ్చని అర్థం. 161.0 అంటే 160.95కీ 161.05కీ మధ్య. తూచిన బ్యాలెన్స్ చెప్పగలిగిన దాన్ని మనం ఎందుకు పారెయ్యాలి?

ఈ ముక్క చెప్పినా ఆయన వినలేదు. ఆయన సూత్రంతోనే ఆయనకి ఒక లెక్క రాసి చూపించాను. మూడో పదార్థం 0.2441 కాకుండా 0.06 గ్రాములు అనుకోండి సార్, అందులో సిగ్నిఫికెంట్ ఫిగర్ ఒక్కటే, ముందున్న సున్నాలు లెక్కలోకి రావు. మొత్తం 160.80. మీ లెక్కన జవాబులో ఒక్క అంకే ఉండాలి, అంటే 200 గ్రాములు. చిటికెడు పొడి కలిపితే నూట అరవై గ్రాముల మిశ్రమం రెండొందలు అవుతుందా? నిలువు వరుస పద్ధతిలో అయితే 160.8, ఏ గొడవా లేదు. ఆయన కాగితం కాసేపు చూసి, "చూద్దాంలే" అని క్యాంటీన్‌కి వెళ్లిపోయారు. గొప్ప చెప్పుకుంటున్నానని అనుకున్నా సరే, ఆ రోజు టీ నాకు భలే రుచిగా అనిపించింది.

నాతో పాటు చేరిన అబ్బాయిది ఇంకో కథ. వాడికి స్థానం సంగతి తెలుసు. అయితే కూడకముందే ఒక్కోదాన్నీ రౌండ్ చేశాడు: 152.4, 8.3, 0.2. మొత్తం 160.9. నా జవాబు కన్నా 0.1 గ్రాము తక్కువ. అంకెలన్నీ అలాగే ఉంచి కూడి, చివర ఒక్కసారే రౌండ్ చేయాలి. ఒకసారి రౌండ్ చేసినదాన్ని మళ్లీ రౌండ్ చేయడం కూడా ఇలాంటిదే. 160.846ని 160.85 చేసి, దాన్ని 160.9 చేస్తారు కొందరు. నేరుగా చేస్తే 160.8.

ఎక్సెల్‌ని నమ్ముకున్నవాళ్లకి ఒక మాట. `=ROUND(SUM(B2:B4),1)` అని రాస్తే లెక్క సరిగ్గానే చేస్తుంది గానీ, సెల్ జనరల్ ఫార్మాట్‌లో ఉంటే తెర మీద 161 అనే కనిపిస్తుంది, చివరి సున్నా మాయం. సెల్ ఫార్మాట్ `0.0` అని పెట్టుకోండి. లేకపోతే మా సీనియర్ లాంటివాళ్లు కంప్యూటరే చెప్పిందంటారు.

ఫైలు సొరుగులోంచి బయటికి వచ్చింది నాణ్యత విభాగం, అంటే క్యూఏ, మేడమ్ పెండింగ్ లిస్ట్ అడిగినప్పుడు. ఆవిడ నా షీటు చూసి 161.0 గురించి ఒక్క మాటా అనలేదు, నేరుగా ఇంకోటి అడిగారు. "సరిగ్గా 160.85 వస్తే ఏం రాస్తావమ్మా?" ఇంటర్‌లో చెప్పినట్టయితే 5 ముందున్న అంకె సరి సంఖ్య కాబట్టి అలాగే ఉంచి 160.8. భారతీయ ప్రమాణం ఐఎస్ 2 చెప్పేదీ అదే. కానీ మేం అనుసరించే అమెరికా మందుల ప్రమాణ గ్రంథం యూఎస్‌పీ జనరల్ నోటీసెస్ ప్రకారం 5 వస్తే పైకే, అంటే 160.9. "మన ఎస్ఓపీ యూఎస్‌పీని పాటించమంది కాబట్టి 160.9 మేడమ్" అన్నాను. తల ఊపారు. మీ ల్యాబ్ ఏది పాటిస్తుందో చేరిన రోజే ఎస్ఓపీలో చూసుకోండి, సీనియర్లని అడక్కండి.

ఆవిడే ఇంకో సంగతి చెప్పారు. ఒక దశాంశం చూపించే బ్యాలెన్స్ మీద ఇరవై సంచులు విడివిడిగా తూచి కూడితే, ఈ సూత్రం జవాబుని ఒక స్థానం దాకా రాయమంటుంది. కానీ ఒక్కో తూకంలో 0.05 గ్రాముల దాకా తేడా ఉండొచ్చు. అన్నీ ఒకే వైపు వాలితే మొత్తంలో ఒక గ్రాము తేడా. అలాంటి చోట అంకెలు లెక్కపెట్టుకుంటే చాలదు, అనిశ్చితిని విడిగా లెక్కకట్టాలి. మూడు తూకాల షీటుకి మాత్రం ఇది చాలన్నారు.

సంతకం పెట్టి ఫైలు నా చేతికే ఇచ్చారు. గీత కొట్టలేదు, కారణం రాయలేదు. సీనియర్ గారు మాత్రం రేపు చేరే కొత్త ట్రైనీకి పాత సూత్రమే చెప్తారు, నాకు తెలుసు. అందుకే ఆ ప్రశ్నార్థకాల కాగితం ఒక జెరాక్స్ తీసి బ్యాలెన్స్ గది బయట నోటీస్ బోర్డుకి పిన్ చేసి మరీ బస్సెక్కాను.